16 జీబీ ల్యాప్‌టాప్‌లో 800 కోట్ల అంకెలు

మెటా సంస్థ 2024 జులైలో లామా 3.1 పేరుతో మూడు భాషా మోడళ్లను విడుదల చేసింది. వాటిలో అన్నిటికంటే చిన్నది 8బి. అంటే ఎనిమిది బిలియన్లు, మన లెక్కలో 800 కోట్ల అంకెలు. ఆ మోడల్ నేర్చుకున్న వ్యాకరణం, లెక్కలు, లోకజ్ఞానం అన్నీ ఈ అంకెల్లోనే ఉంటాయి. వీటిని వెయిట్లు అంటారు. ఈ అంకెల ఫైలును ఎవరైనా దింపుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు కాబట్టి ఇలాంటివాటిని ఓపెన్ వెయిట్ మోడళ్లు అంటున్నారు. అన్నీ బయటపెట్టారని దీని అర్థం కాదు. మోడల్‌కు శిక్షణనిచ్చిన పాఠ్యం మెటా దగ్గరే ఉంది. వాడకానికి లైసెన్సు షరతులున్నాయి. చేతికి వచ్చేది అంకెలు మాత్రమే.

ఆ అంకెలు చాలు. ఇంటర్నెట్ తీగ పీకేసినా మోడల్ పనిచేస్తుంది. కక్షిదారుల కాగితాలు చూసే న్యాయవాదికైనా, రోగుల వివరాలు రాసుకునే డాక్టరుకైనా, ఉద్యోగుల జీతాల చిట్టాలు చూసే అకౌంటెంటుకైనా ఒక్క అక్షరం కూడా ఆఫీసు దాటి పోదు.

చిక్కు పరిమాణంలో ఉంది. విడుదల చేసిన రూపంలో ఒక్కో అంకెకు 16 బిట్లు, అంటే రెండు బైట్లు పడుతుంది. 800 కోట్లను రెండుతో గుణిస్తే 16 జీబీ. మోడల్ పనిచేయాలంటే ఈ అంకెలన్నీ ర్యామ్‌లోకి రావాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. విండోస్, బ్రౌజరు కలిసి అందులో అయిదు జీబీ దాకా తింటాయి. మిగిలేది పదకొండు. పదహారు అందులో పట్టదు. అయినా ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో ఈ మోడల్‌ను ఎంతోమంది నడుపుతున్నారు. దాన్ని సాధ్యం చేసిన పద్ధతి పేరు క్వాంటైజేషన్. అది ఎలా పనిచేస్తుందో, బదులుగా ఏం పోతుందో, తెలుగులో పని చేసుకునేవారు ఆ నష్టాన్ని ఎందుకు ప్రత్యేకంగా పట్టించుకోవాలో చూద్దాం.

పదహారు గీతల స్కేలు

16 బిట్లతో 65,536 రకాల విలువలు రాయవచ్చు. నాలుగు బిట్లతో రాయగలిగేవి పదహారే. క్వాంటైజేషన్ అంటే ప్రతి వెయిట్‌నూ తీసుకుని, ఆ పదహారింటిలో దానికి దగ్గరగా ఉన్న విలువకు సర్దేయడం. సన్నని గీతలున్న స్కేలు పక్కన పెట్టి, పదహారే గీతలున్న స్కేలుతో కొలిచినట్టు ఉంటుంది ఈ పని.

800 కోట్ల అంకెలకూ ఒకే స్కేలు పెడితే మోడల్ పాడైపోతుంది. అందుకే వెయిట్లను చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, గుంపుకొక స్కేలు ఇస్తారు. అందరికీ తెలిసిన పాత పద్ధతి Q4_0లో గుంపుకు 32 వెయిట్లు. ఒక్కోదానికి నాలుగు బిట్ల చొప్పున 128 బిట్లు, గుంపు స్కేలును రాసుకోవడానికి మరో 16 బిట్లు. మొత్తం 144 బిట్లను 32 వెయిట్లకు పంచితే సగటున 4.5 బిట్లు. నాలుగు బిట్ల ఫైలు మనం అనుకున్నదానికంటే కాస్త పెద్దగా కనిపించడానికి కారణం ఇదే.

సర్దుబాటులో ఏం జరుగుతుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక గుంపులో 0.12, −0.33, 0.07, 0.70 అనే నాలుగు వెయిట్లు ఉన్నాయనుకోండి. అన్నిటికంటే పెద్దది 0.70. దాన్ని ఏడో గీతమీద పెడితే గీతకూ గీతకూ మధ్య దూరం 0.1 అవుతుంది. అప్పుడు నాలుగు వెయిట్లు వరసగా 0.1, −0.3, 0.1, 0.7గా మారతాయి. కొద్దిగా జరిగాయి, అంతే. ఇప్పుడు 0.70 స్థానంలో 2.80 ఉందనుకోండి. గీతల మధ్య దూరం 0.4కు పెరుగుతుంది. 0.12, 0.07 రెండూ సున్నా అయిపోతాయి. −0.33 కాస్తా −0.4 అవుతుంది. ఒక్క పెద్ద అంకె చుట్టూ ఉన్న చిన్న అంకెల తేడాలను తుడిచిపెట్టేసింది. క్వాంటైజేషన్‌లో నాణ్యత పోయేది ప్రధానంగా ఇలాంటి చోటే. బిట్లు తగ్గేకొద్దీ గీతలు తగ్గి, ఈ నష్టం పెరుగుతుంది.

బల్గేరియాకు చెందిన జార్జి గెర్గనోవ్ 2023 మార్చిలో llama.cpp అనే ప్రోగ్రామును బయటపెట్టారు. మామూలు కంప్యూటర్లలో ఈ మోడళ్లను నడపడం దానితోనే ఊపందుకుంది. ఆ ఏడాదే అందులోకి వచ్చిన 'కె' పద్ధతులు స్కేళ్లను ఇంకా తెలివిగా దాచుకుంటాయి. దెబ్బ ఎక్కువ తగిలే భాగాలకు ఎక్కువ బిట్లు కేటాయిస్తాయి. ఈరోజు ఎక్కువమంది వాడే Q4_K_M ఈ కుటుంబానిదే. అందులో చాలా భాగం నాలుగు బిట్లలో, కొన్ని సున్నితమైన భాగాలు ఆరు బిట్లలో ఉంటాయి. సగటు 4.9 బిట్ల దగ్గర తేలుతుంది. లామా 8బి ఈ రూపంలో 16 జీబీ నుంచి 4.9 జీబీకి దిగుతుంది. ఎనిమిది బిట్ల Q8_0 రూపంలో 8.5 జీబీ, రెండు మూడు బిట్ల Q2_K రూపంలో 3.2 జీబీ.

ఫైలు సైజు ఒక్కటే చూస్తే చాలదు

కొత్తగా మొదలుపెట్టేవారు ఇక్కడే లెక్క తప్పుతారు. ఫైలు 4.9 జీబీ కాబట్టి అయిదు జీబీ ఖాళీ ఉంటే చాలనుకుంటారు. మోడల్ నడుస్తున్నప్పుడు ర్యామ్‌లో ఇంకొకటి పెరుగుతూ ఉంటుంది. మోడల్ పాఠ్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా చదువుతుంది. చదివిన ప్రతి టోకెన్‌కు సంబంధించిన లెక్కలను, మళ్లీ మొదటినుంచి చేయకుండా, దాచిపెట్టుకుంటుంది. ఈ నిల్వను కేవీ క్యాష్ అంటారు.

లామా 8బిలో ఇది టోకెన్‌కు 128 కిలోబైట్లు. మోడల్‌లో 32 పొరలుంటాయి. ఒక్కో పొరలో రెండు రకాల నిల్వలు, రకానికి ఎనిమిది వరసలు, వరసకు 128 అంకెలు, అంకెకు రెండు బైట్లు. అన్నీ గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుంది. 8,192 టోకెన్ల సంభాషణకు ఒక జీబీ కావాలి. ఈ మోడల్ 1,28,000 టోకెన్ల దాకా చదవగలదని చెబుతారు. నిజమే, కానీ అంత చదివించాలంటే క్యాష్‌కే దాదాపు 16 జీబీ పడుతుంది. మోడల్ ఫైలుకు మూడు రెట్లకు పైగా.

మన ల్యాప్‌టాప్‌కు లెక్క ఇలా వస్తుంది. వెయిట్లకు 4.9 జీబీ, 8,192 టోకెన్లకు ఒక జీబీ, లెక్కలు చేసుకునే తాత్కాలిక జాగాకు మరో అర జీబీ. మొత్తం ఆరున్నర. ఖాళీగా ఉన్న పదకొండులో హాయిగా సరిపోతుంది. ఎనిమిది బిట్ల ఫైలు తీసుకుంటే పది జీబీ అవుతుంది. బ్రౌజరు మూసుకుంటే నడుస్తుంది, అంచుమీద నడుస్తుంది. అదే 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరయితే నాలుగు బిట్ల ఫైలుకే ఇరుకు.

పట్టకపోతే ఏమవుతుంది? చాలాసార్లు ఎర్రర్ రాదు. ఫైలులో ర్యామ్‌లో పట్టని భాగాన్ని ప్రోగ్రాము ప్రతి టోకెన్‌కూ డిస్కు మీదినుంచి మళ్లీ మళ్లీ చదువుతుంది. జవాబు వస్తుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సెకన్ల కొద్దీ ఆగి ఆగి వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ నిండిపోయి, డిస్కు వాడకం వందకు చేరి, ప్రాసెసరు మాత్రం ఖాళీగా కనిపిస్తే కారణం ఇదేనని తెలుసుకోవాలి.

వేగాన్ని నిర్ణయించేది ర్యామ్

ఒక్కో టోకెన్ రాయడానికి మోడల్ తన వెయిట్లన్నిటినీ ఒకసారి ర్యామ్‌నుంచి చదవాలి. అందుకే జవాబు రాసే వేగం ప్రాసెసరు బలంకంటే ర్యామ్ ఎంత త్వరగా అందించగలదన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. డీడీఆర్4-3200 రకం ర్యామ్ కర్రలు రెండు ఉంటే సెకనుకు గరిష్ఠంగా 51.2 జీబీ అందుతుంది. దాన్ని 4.9తో భాగిస్తే సెకనుకు పది టోకెన్లు. ఇది పైహద్దు, వాడకంలో ఇంకొంచెం తక్కువే వస్తుంది. ఎనిమిది బిట్ల ఫైలుతో ఈ హద్దు ఆరుకు పడిపోతుంది. అంటే క్వాంటైజేషన్ జాగాను మిగల్చడంతోపాటు వేగాన్నీ పెంచుతోంది.

చవక ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఒకే ర్యామ్ కర్ర ఉంటుంది. అప్పుడు అందే వేగం సగమే, పది టోకెన్లు అయిదవుతాయి. ఖాళీ స్లాటు ఉంటే అదే రకం రెండో కర్ర వేయించడం ఈ పనికి అన్నిటికంటే లాభసాటి ఖర్చు. సామర్థ్యం, వేగం రెండూ ఒకేసారి పెరుగుతాయి.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికీ ఇదే సూత్రం. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు సొంత మెమరీ సెకనుకు 360 జీబీ అందిస్తుంది. మోడల్ మొత్తం అందులో పడితే జవాబు కంటితో చదివే వేగాన్ని దాటిపోతుంది. సగమే పట్టి, మిగతా సగం మామూలు ర్యామ్‌లో ఉండిపోతే ఆ నెమ్మది సగమే మొత్తం వేగాన్ని వెనక్కి లాగుతుంది. పై లెక్కల ప్రకారం పది టోకెన్ల హద్దు పద్దెనిమిదికి మించదు. అందుకే కార్డు ఎంచుకునేటప్పుడు మెమరీ ఎన్ని జీబీలన్నదే మొదట చూడాలి.

ఎంత పోయింది?

నష్టాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే కొలత పర్‌ప్లెక్సిటీ. ఒక పాఠ్యాన్ని ఇచ్చి, తర్వాత వచ్చే టోకెన్‌ను ఊహించడంలో మోడల్ ఎంత తడబడుతోందో చూస్తారు. సంఖ్య చిన్నదైతే తడబాటు తక్కువ. లామా 3.1కు ముందు వచ్చిన లామా 3 8బి మీద llama.cpp బృందం ఇచ్చిన కొలతల్లో 16 బిట్ల మోడల్‌కు 6.23 వచ్చింది. ఎనిమిది బిట్లలోనూ 6.23. అయిదు బిట్ల Q5_K_Mలో 6.29, Q4_K_Mలో 6.4. Q2_Kలో మాత్రం 9 దాటిపోయింది.

ఎనిమిది నుంచి నాలుగు దాకా దిగుతున్నంతసేపూ నేల ఇంచుమించు చదునుగానే ఉంది. నాలుగు దాటాక లోయ. జనం నాలుగు బిట్ల దగ్గర ఆగడానికి కారణం ఇదే. టిమ్ డెట్మర్స్, ల్యూక్ జెటిల్‌మోయర్ అనే పరిశోధకులు 2022లోనే దీన్ని మరో వైపునుంచి తేల్చారు. ర్యామ్ ఇంతే అని ముందే నిర్ణయమైపోతే, చిన్న మోడల్‌ను ఎక్కువ బిట్లలో నడపడంకంటే పెద్ద మోడల్‌ను నాలుగు బిట్లలో నడపడమే సాధారణంగా మేలని వారు చూపించారు.

మన ల్యాప్‌టాప్‌కు ఈ మాట నేరుగా వర్తిస్తుంది. లామా 8బి ఎనిమిది బిట్లలో 8.5 జీబీ. గూగుల్ 2025 మార్చిలో ఇచ్చిన జెమ్మా 3 మోడళ్లలో 12బి, నాలుగు బిట్లలో, ఒల్లామా ప్రోగ్రాములో 8.1 జీబీ. ఇంచుమించు ఒకే జాగా, కానీ రెండోది ఒకటిన్నర రెట్లు పెద్ద మోడల్. తెలుగు పనికి ఈ ఎంపిక ఇంకా ముఖ్యమవుతుంది.

తెలుగు దగ్గర లెక్క మారుతుంది

పైన చెప్పిన పర్‌ప్లెక్సిటీ కొలతలన్నీ ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాల మీద తీసినవి. మన భాష విషయంలో రెండు తేడాలున్నాయి.

మొదటిది టోకెన్ల సంఖ్య. కంప్యూటర్ నిల్వలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. 'పుస్తకం' అనే మాటకు 21 బైట్లు పడుతుంది. తెలుగును బాగా చూసిన టోకెన్ల పట్టిక అయితే ఈ బైట్లను పెద్ద ముక్కలుగా కలిపి చదువుతుంది. లామా 3.1కు మెటా అధికారికంగా ప్రకటించిన ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. దాని పట్టికలో తెలుగు ముక్కలు తక్కువ కాబట్టి, ఒక్కో తెలుగు మాటకు ఇంగ్లిష్ మాటకంటే ఎన్నో రెట్లు టోకెన్లు ఖర్చవుతాయి. 8,192 టోకెన్లలో ఇంగ్లిష్ అయితే ఆరువేల మాటల దాకా పడతాయి. తెలుగు అందులో చిన్న భాగమే పడుతుంది. సెకనుకు పది టోకెన్లంటే ఇంగ్లిష్‌లో ఏడెనిమిది మాటలు. తెలుగులో ఒకటి రెండు మాటలు వస్తే గొప్ప.

జెమ్మా 3 పట్టికలో 2,62,000 టోకెన్లున్నాయి. లామాకున్న 1,28,000కు ఇది రెట్టింపు. 140కి పైగా భాషలను దృష్టిలో పెట్టుకుని చేసింది. అందుకే టోకెన్ల వేగంలో అది వెనకబడినా, తెలుగు మాటల వేగంలో ముందుండవచ్చు. బెంగళూరు సంస్థ సర్వం 2024లో ఇచ్చిన సర్వం-1 అనే చిన్న మోడల్ టోకెన్ల పట్టికను మొదటినుంచీ తెలుగు సహా పది భారతీయ భాషల కోసం తయారుచేశారు.

రెండో తేడా నాణ్యతది. క్వాంటైజేషన్ అన్ని భాషలనూ ఒకేలా దెబ్బతీయదు. కొహియర్ సంస్థ పరిశోధకులు 2024లో బహుభాషా మోడళ్ల మీద చేసిన అధ్యయనంలో మూడు విషయాలు బయటపడ్డాయి. లాటిన్ లిపి వాడని భాషలకు దెబ్బ ఎక్కువ తగులుతోంది. లెక్కలు కట్టి తర్కించే పనులు అన్నిటికంటే త్వరగా చెడుతున్నాయి. యాంత్రిక పరీక్షలు ఈ నష్టాన్ని తక్కువచేసి చూపుతున్నాయి. జపనీస్ భాషలో యాంత్రిక పరీక్షలు సగటున 1.7 శాతం తగ్గుదల చూపించిన చోట, మనుషులు చదివి ఇచ్చిన తీర్పులో తగ్గుదల 16 శాతం. తెలుగుది కూడా లాటినేతర లిపే. శిక్షణలో దానికి దక్కే వాటా ఇంగ్లిష్‌తో పోలిస్తే చాలా చిన్నది. కాబట్టి ఇంగ్లిష్ మీద కొలిచిన 'నాలుగు బిట్లు చాలు' అన్న భరోసాను తెలుగుకు పరీక్ష లేకుండా తెచ్చుకోకూడదు.

మీ కాగితాలతోనే పరీక్ష

ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. ఒల్లామా అనే ఉచిత ప్రోగ్రాము పెట్టుకుని, ఒకే మోడల్‌ను రెండు రూపాల్లో దింపుకోండి.

```
ollama pull llama3.1:8b-instruct-q8_0
ollama pull llama3.1:8b-instruct-q4_K_M
ollama run llama3.1:8b-instruct-q4_K_M --verbose
```

చివరి ఆదేశంలోని `--verbose` వల్ల ప్రతి జవాబు కింద `eval rate` అనే వరసలో సెకనుకు ఎన్ని టోకెన్లు వచ్చాయో కనిపిస్తుంది. పైన వేసుకున్న లెక్కకు ఇది దగ్గరగా ఉందో లేదో చూడండి. మరీ తక్కువగా ఉంటే ఒకే ర్యామ్ కర్ర ఉందేమో, డిస్కు చదువుతోందేమో వెతకాలి. మోడల్ నడుస్తుండగా ఇంకో కిటికీలో `ollama ps` అని కొడితే అది ఎంత మెమరీ తీసుకుందో, ఎంత భాగం గ్రాఫిక్స్ కార్డులో ఉందో తెలుస్తుంది.

ప్రశ్నలు మొదలుపెట్టే ముందు మోడల్ తెరమీదే ఈ రెండు వరసలు ఇవ్వండి.

```
/set parameter num_ctx 8192
/set parameter temperature 0
```

మొదటిది ఎన్ని టోకెన్లు గుర్తుంచుకోవాలో చెబుతుంది. చిన్న కంప్యూటర్లలో ఒల్లామా తనంతట తాను పెట్టుకునే హద్దు తక్కువగా ఉంటుంది. పొడవైన తెలుగు పత్రం ఇస్తే హద్దు దాటిన భాగం చెప్పాపెట్టకుండా జారిపోతుంది. సారాంశంలో మీ పత్రం మొదటి పేజీ విషయాలే లేకపోతే, మోడల్‌ను గానీ బిట్లను గానీ తప్పుపట్టే ముందు దీన్ని పెంచి చూడండి. రెండో వరస జవాబుల్లో యాదృచ్ఛికతను తీసేస్తుంది. రెండు రూపాల మధ్య కనిపించే తేడా అప్పుడు బిట్ల వల్ల వచ్చిందే అవుతుంది.

ప్రశ్నలు మీ పనిలోంచే రావాలి. ఒక అర్జీని అయిదు వాక్యాల్లోకి కుదించడం, ఒక బిల్లులోని మొత్తాలను వరసగా రాయించడం, ఒక ఇంగ్లిష్ నోటీసును తెలుగు చేయించడం, వడ్డీ లెక్క కట్టించడం. ఇలాంటివి పది పన్నెండు చాలు. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదవండి. బిట్లు చాలని మోడల్ తెలుగులో కొన్ని గుర్తులు చూపిస్తుంది. ఒకే వాక్యం తిరిగి తిరిగి వస్తుంది. వాక్యం మధ్యలో హిందీ మాటో ఇంగ్లిష్ మాటో దూరుతుంది. ఒత్తులు తప్పుతాయి, అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకమున్న వజ్రం గుర్తు పడుతుంది. అన్నిటికంటే ప్రమాదం అంకెలు మారడం. వాక్యం నున్నగా ఉండి, 14,500 కాస్తా 15,400 అయితే చదివేవారికి అనుమానమే రాదు. కాబట్టి అంకెలను ఒక్కొక్కటిగా సరిచూడాలి.

ఎనిమిది బిట్లలో సరిగా వచ్చి నాలుగులో చెడితే లోపం క్వాంటైజేషన్‌దే. అయిదు బిట్లకో ఆరు బిట్లకో వెళ్లండి. రెండింటిలోనూ చెడితే ఎన్ని బిట్లు పెంచినా లాభం లేదు. ఆ మోడల్‌కే తెలుగు రాదు, మోడల్‌ను మార్చాలి.

16 జీబీ ల్యాప్‌టాప్‌లో తెలుగు పని చేసుకోవాలనుకునేవారికి నా సలహా ఇది. జెమ్మా 3 12బిని నాలుగు బిట్లలో మొదట పెట్టి చూడండి. 8 జీబీ ర్యామే ఉంటే అదే కుటుంబంలోని 4బి తీసుకోండి, ఒల్లామాలో అది 3.3 జీబీ. పెద్ద మోడల్‌ను ఇరికించాలన్న ఆశతో నాలుగు బిట్లకు కిందికి దిగకండి. ఏ రూపం ఎంచుకున్నా డబ్బు, మందులు, తేదీలు ఉన్న జవాబును మూల పత్రంతో పోల్చి చూడకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి.